హిందీలో కా–కీ తడబాటు: తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

హిందీ మాట్లాడేటప్పుడు తెలుగువాళ్లకు పదాల కొరత పెద్దగా ఉండదు. కుర్సీ, దుకాన్, బజార్, పరీక్షా, యాత్రా అన్నీ మనకు తెలిసినవే. తడబాటంతా కా–కీ దగ్గర, థా–థీ దగ్గర, అచ్ఛా–అచ్ఛీ దగ్గర వస్తుంది. మూడు మాటలు మాట్లాడగానే ఎదుటివాళ్లు "మీది సౌతా?" అని అడిగేది ఇక్కడే.

తెలుగులో లింగం అర్థాన్ని బట్టి తేలిపోతుంది. మగవాడైతే "వచ్చాడు". ఆడమనిషైనా, ఆవైనా, బస్సైనా "వచ్చింది". కుర్చీ ఆడదా మగదా అని మనం ఎప్పుడూ ఆలోచించం. హిందీలో నపుంసక లింగం లేదు కాబట్టి ప్రాణం లేని ప్రతి వస్తువూ రెండు లింగాల్లో ఏదో ఒకదానిలో చేరాల్సిందే. అక్కడ అర్థం పెద్దగా సాయపడదు. మీసానికి హిందీ మాట మూంఛ్, అది కూడా స్త్రీలింగమే.

సరిచేసుకోబోయే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వాక్యం పక్కన పెట్టి, తప్పు వచ్చిన పదం ఒక్కటే తీసుకుని దాని ముందు మేరా వస్తుందో మేరీ వస్తుందో చెప్పండి. తడుముకోకుండా సరిగ్గా చెప్పగలిగితే మీకు ఆ పదం లింగం తెలుసు, పొరపాటు వాక్యం కూర్పులో ఉంది. చెప్పలేకపోతే అసలు లింగమే తెలియదు. ఈ రెంటికీ మందు వేరు. చాలామంది మొదటి రకం తప్పుకు రెండో రకం మందు వాడి, పదాల జాబితాలు బట్టీపట్టి అలసిపోతారు.

సమస్య 1: లింగం తెలుసు, అయినా వాక్యంలో తప్పుతోంది

ఎక్కువగా వినిపించేవి రెండు: "సీతా కీ భాయీ", "మైనే రోటీ ఖాయా".

మొదటిదానిలో సీత ఆడపిల్ల కదా అని కీ పెట్టేశారు. కా, కీ చూసేది తర్వాతి పదాన్ని, ముందున్న పదాన్ని కాదు. అన్న మగవాడు కాబట్టి "సీతా కా భాయీ", చెల్లెలు ఆడపిల్ల కాబట్టి "రామ్ కీ బహన్". కా పలకబోయే ముందే తర్వాత ఏ పదం రాబోతోందో మనసులో సిద్ధంగా ఉండాలి. అలవాటు కావడానికి కొద్ది రోజులు కాస్త నెమ్మదిగా మాట్లాడటం తప్ప వేరే దారి లేదు.

రెండోదానికి కారణం "నే". తిన్నాను, చూశాను, కొన్నాను లాంటి సకర్మక క్రియలు జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు కర్తకు నే చేరుతుంది. అప్పుడు క్రియ కర్తను వదిలేసి కర్మను అనుసరిస్తుంది. తిన్నది మగవాడైనా ఆడమనిషైనా రోటీ స్త్రీలింగం కాబట్టి "మైనే రోటీ ఖాయీ". ఆమ్ పుంలింగం కాబట్టి "మైనే ఆమ్ ఖాయా". కర్మకు "కో" తగిలితే క్రియ ఎవరినీ అనుసరించదు, ఆ-కారంతోనే ఉండిపోతుంది: "మైనే సీతా కో దేఖా". లానా, బోల్‌నా, భూల్‌నా మామూలుగా నే తీసుకోవు, వాటిని విడిగా గుర్తుంచుకోవాలి.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకు ఇక్కడ అదనపు చిక్కు ఉంది. దక్కనీలో ఈ నే వాడకం చాలా తక్కువ, క్రియ కర్త వెంటే పోతుంది. వీధిలో ధారాళంగా మాట్లాడేవాళ్లు కూడా పరీక్షలోనో ఢిల్లీ ఆఫీసులోనో ఇదే చోట తడబడతారు. దక్కనీ తప్పని కాదు, దాని వ్యాకరణం దానిది. చెవి ఆ వ్యాకరణానికి అలవాటుపడి ఉందని గుర్తిస్తే సరిచేసుకోవడం సులువు.

సమస్య 2: చివరి అక్షరం చూసి లింగం చెబితే తప్పుతోంది

ఆ-తో ముగిస్తే పుంలింగం, ఈ-తో ముగిస్తే స్త్రీలింగం అని అందరూ నేర్పుతారు. కమ్రా, దర్వాజా, తాలా ఒకవైపు, కుర్సీ, రోటీ, నదీ మరోవైపు. నియమం మంచిదే కానీ రెండు చోట్ల దెబ్బతింటుంది.

ఈ-తో ముగిసే పానీ, ఘీ, దహీ, మోతీ పుంలింగాలు. సంస్కృతంలో వీటి మూలాలు పానీయం, ఘృతం, దధి, మౌక్తికం, నాలుగూ నపుంసక లింగాలే. నపుంసకం పోయినప్పుడు అలాంటి పదాలు ఎక్కువగా పుంలింగంలో కలిశాయి. అరిగిపోయి చివర ఈ మిగిలినా లింగం మారలేదు. అందుకే "ఠండా పానీ", "సచ్చా మోతీ".

ఇక ఆ-తో ముగిసినా స్త్రీలింగమయ్యేవి మూడు గుంపులు. చిడియా, గుడియా, డిబియా లాంటి చిన్న వస్తువునో ప్రాణినో సూచించే ఇయా పదాలు; అరబీ ద్వారా వచ్చిన హవా, దవా, దునియా; సంస్కృతం నుంచి వచ్చిన భాషా, పూజా, కవితా. ఈ మూడో గుంపు విషయంలో తెలుగువాళ్లకు పెద్ద వెసులుబాటు ఉంది.

సమస్య 3: సంస్కృత పదాల దగ్గర అయోమయం

మూడో గుంపును వేరే బట్టీపట్టక్కర్లేదు, ఆ సమాచారం మన తెలుగులోనే ఉంది. సంస్కృతంలో ఆ-తో ముగిసే స్త్రీలింగ పదాలు తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘం పోగొట్టుకుంటాయి: భాష, పరీక్ష, యాత్ర, సభ, సేవ. అ-తో ముగిసే పుంలింగ, నపుంసక పదాలు "ము" చేర్చుకుని ఇవాళ సున్నాతో ముగుస్తాయి: దేశం, నగరం, ధనం, చిత్రం, మందిరం.

అంటే తెలుగు రూపం పలికి చూస్తే చాలు. చివర సున్నా ఉంటే హిందీలో చాలావరకు పుంలింగం: మేరా దేశ్, మేరా నగర్, మేరా చిత్ర్. సున్నా లేకుండా అ-తో ఆగితే స్త్రీలింగం: మేరీ భాషా, మేరీ పరీక్షా, మేరీ యాత్రా. శక్తి, బుద్ధి, స్థితి లాంటి "తి", "ధి" పదాలూ స్త్రీలింగాలే. ఆత్మ, మహిమ సంస్కృతంలో పుంలింగాలైనా హిందీలో స్త్రీలింగాలయ్యాయి. అంటే సంస్కృతం చదివినవాళ్లు తప్పే చోట తెలుగు రూపాన్ని నమ్ముకున్నవాళ్లు సరిగ్గా చెబుతారు.

మినహాయింపులు కొన్నే, బాగా వాడుకలో ఉన్నవి రాస్తున్నాను. సున్నా ఉన్నా స్త్రీలింగాలు: పుస్తకం, విజయం, దేహం, సంతానం, శపథం. సున్నా లేకపోయినా పుంలింగాలు: కర్మ, జన్మ, దేవత. హిందీలో దేవతా అంటే మగ దేవుడు, మన వాడుకకు పూర్తిగా వ్యతిరేకం. వ్యక్తి కూడా పుంలింగమే. అగ్ని, వాయువు, మృత్యువు, వస్తువు స్త్రీలింగాలు. ఈ పదాలను ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే సంస్కృత పదాలతో పని చాలావరకు అయిపోయినట్టే.

సమస్య 4: హల్లుతో ముగిసే పదాలకు ఏ ఆధారమూ దొరకట్లేదు

అసలు కష్టం ఇక్కడే. కాన్ పుంలింగం, నాక్ స్త్రీలింగం. దిన్ పుంలింగం, రాత్ స్త్రీలింగం. ఒకే కంచంలో చావల్ పుంలింగం, దాల్ స్త్రీలింగం, అందుకే "దాల్ పత్లీ హై, చావల్ కచ్చా హై".

ముందు ప్రత్యయాలు తెలిసిన పదాలను తీసేయండి. కోశిష్, బారిష్, సిఫారిష్ లాంటి "ఇష్" పదాలు స్త్రీలింగాలు. కీమత్, ఆదత్, ఇజాజత్ లాంటి "అత్" పదాలూ అంతే, శర్బత్ మాత్రం పుంలింగం. మిలావట్, ఘబ్‌రాహట్ వంటివి స్త్రీలింగాలు. బచ్‌పన్ లాంటి "పన్" పదాలు పుంలింగాలు. ఇంగ్లిష్ పదాలు సాధారణంగా తమ అర్థానికి దగ్గరగా ఉన్న హిందీ మాట వెంట పోతాయి. గాడీ స్త్రీలింగం కాబట్టి కార్, బస్, ట్రైన్ కూడా స్త్రీలింగాలే. అయితే ట్రక్ పుంలింగం, కాబట్టి దీన్ని ఊహకు సాయంగానే వాడండి.

మిగిలినవాటికి జ్ఞాపకశక్తే దిక్కు, కానీ పని సగానికి తగ్గించుకోవచ్చు. హల్లుతో ముగిసేవాటిలో పుంలింగాలే ఎక్కువ. అందుకని పుంలింగాలు రాసుకోవద్దు. నోట్‌బుక్‌లో స్త్రీలింగాలు మాత్రమే చేర్చండి, అక్కడ లేని పదం పుంలింగమని అనుకుని మాట్లాడండి.

పదాన్ని ఒంటరిగా రాయొద్దు. పక్కన "(స్త్రీ)" అని రాసుకున్నా మాట్లాడేటప్పుడు అది నోటికి రాదు. "మేరీ జేబ్, జేబేఁ" అని రాసి, గట్టిగా చదవండి. మేరీ నోటికి అలవాటవుతుంది, బహువచనం రెండో సాక్ష్యంగా ఉంటుంది. హల్లుతో ముగిసే స్త్రీలింగాలకు బహువచనంలో "ఏఁ" చేరుతుంది: రాతేఁ, సడకేఁ, దుకానేఁ. పుంలింగాలు మారవు: దో దిన్, దో మకాన్. ఎక్కడైనా "కితాబేఁ" అని వినబడితే లింగం చేతికి దొరికినట్టే.

వినేటప్పుడు ఒక జాగ్రత్త. "ఉస్‌కే ఘర్ మేఁ" అని విని ఘర్ ఏ లింగమో తేల్చుకోలేక వదిలేస్తారు. కా, కే రెండూ పుంలింగానివే. తర్వాత మేఁ, సే, పర్ వంటివి వస్తే కా కాస్తా కే అవుతుంది. కీ మాత్రం ఎప్పుడూ మారదు. అయితే "ఉస్‌కే పాస్", "ఉస్‌కే సాథ్" లాంటి స్థిరపడిన మాటల్లో కే పక్కనున్నది నామవాచకం కాదు, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఒక పేరా సరిచేసి చూద్దాం

నేర్చుకునేవాళ్లు ఇలా రాస్తారు: "కల్ మైనే ఏక్ కితాబ్ ఖరీదా. ఉస్‌కా కీమత్ దో సౌ రూపయే థా. దుకాన్ మేఁ బహుత్ భీడ్ థా. ఘర్ ఆకర్ దేఖా తో ఏక్ పన్నా ఫటీ థీ."

కితాబ్ దగ్గర మేరా–మేరీ పరీక్ష పెడితే చాలామంది "మేరీ కితాబ్" అనే అంటారు. అంటే లింగం తెలుసు, నే ఉన్న వాక్యంలో క్రియ కర్మను అనుసరించాలన్నది మరిచారు. ఖరీదీ అనాలి. కీమత్ "అత్" పదం, కాబట్టి "ఉస్‌కీ కీమత్ దో సౌ రూపయే థీ". ఇక్కడ చివరి క్రియ పక్కనున్న రూపయేను చూడదు, కీమత్‌నే చూస్తుంది. భీడ్‌కు ఏ నియమమూ లేదు, నోట్‌బుక్‌లో చేరాల్సిన పదం: మేరీ అనడం వింతగా ఉంటే "బడీ భీడ్" అని రాసుకోండి. పన్నా మాత్రం మామూలు ఆ-కార పుంలింగం, "ఫటా థా" అనాలి. అన్నీ స్త్రీలింగమే అయి ఉంటాయన్న భయంతో వచ్చిన అతి దిద్దుబాటు ఇది. ఒకే పేరాలో నాలుగు తప్పులు, నాలుగు కారణాలు.

నిఘంటువు చూసినా కొన్ని పదాల దగ్గర సందేహం మిగులుతుంది. దహీ పుంలింగమని నిఘంటువులు చెబుతాయి, కానీ "దహీ ఖట్టీ హై" అనే హిందీవాళ్లు చాలామంది ఉన్నారు. పరీక్షలో, రాతలో నిఘంటువు చెప్పినట్టు "దహీ ఖట్టా హై" అని రాయండి. మాటల్లో ఎవరైనా ఖట్టీ అంటే వాళ్లను దిద్దకండి, మీ నోట్‌బుక్ కూడా మార్చుకోకండి.