కీబోర్డు పాఠాలు – 4: జిఫ్ పంపడానికి కాదు, వెతకడానికే డేటా పోతోంది

గత పాఠంలో కీబోర్డు మీద నవ్వు బొమ్మ మీట నొక్కి, GIF అన్న విభాగంలోకి వెళ్ళి, వెతుకు పెట్టెలో మాట టైపు చేయడం నేర్చుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే. బొబ్బిలి నుంచి ఒకావిడ ఇలా రాశారు: "ఏటి మాస్టారూ ఇది, సాయంత్రమయ్యేసరికి డేటా అయిపోతంది. ఎమోజీలు పెట్టడం మానేసినా అదే వరస." ఈసారి స్టిక్కర్లు తయారు చేసుకోవడం చెబుదామనుకున్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ముందు ఈ లెక్క తేలాలి.

ఆవిడ ఎమోజీలు మానేయడం నాకు బాధ కలిగించింది, ఎందుకంటే వాటిది అసలు ఖర్చే కాదు. ఎమోజీ ఒక అక్షరం. మీరు 🙏 పంపినప్పుడు ఆ చేతుల బొమ్మ ఎక్కడికీ వెళ్ళదు, దాని సంఖ్య మాత్రమే వెళుతుంది. అవతలి ఫోన్‌లోనో యాప్‌లోనో ముందే ఉన్న బొమ్మను ఆ సంఖ్య చూసి గీస్తారు. పాత ఫోన్లలో కొత్త ఎమోజీ బదులు ఖాళీ డబ్బా కనిపించేది అందుకే: సంఖ్య చేరింది, దానికి తగ్గ బొమ్మ ఆ ఫోన్‌లో లేదు. 🙏 పట్టే చోటు 4 బైట్లు. "నమస్కారం" అని తెలుగులో టైపు చేస్తే 24 బైట్లు. అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం ఎమోజీ నాలుగు బొమ్మల్ని కలిపి కట్టినది కాబట్టి 25 బైట్లు. మెసేజీకి వాట్సాప్ వేసే తాళాల ఖర్చు పైన కొంత ఉంటుంది గానీ అది మాటకైనా ఎమోజీకైనా ఒకటే. కాబట్టి ఎమోజీలు నిశ్చింతగా పెట్టుకోండి.

ఎమోజీ వెతకడం కూడా ఫోన్‌లోనే జరుగుతుంది. ఒకసారి మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేసి ఎమోజీ పెట్టెలో rain అని కొట్టి చూడండి. గొడుగులు, మబ్బులు వస్తాయి. అదే స్థితిలో GIF లోకి వెళితే ఏమీ రాదు. రెండింటికీ తేడా అక్కడే అర్థమైపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డులో రెండు ఎమోజీలు పక్కపక్కన పెడితే పైన వరసలో ఆ రెండూ కలిసిపోయిన వింత బొమ్మలు వస్తాయి, చూశారా? టోపీ పెట్టుకున్న దెయ్యం లాంటివి. అవి ఎమోజీలు కావు, స్టిక్కర్లు. అంటే నిజంగానే బొమ్మ ఫైలు. వాటిని నెట్ నుంచి తెచ్చి చూపిస్తుంది. జిఫ్‌తో పోలిస్తే చిన్నవే గానీ, ఎమోజీ అనుకుని నొక్కకండి.

ఇక అసలు సంగతి. చాలామంది "నేను రోజుకి నాలుగే జిఫ్‌లు పంపుతాను, దానికి ఇంత డేటానా?" అంటున్నారు. పంపిన నాలుగింటి ఖర్చు తక్కువే. వాట్సాప్ జిఫ్‌ని జిఫ్‌గా పంపదు, శబ్దం లేని చిన్న వీడియోగా మార్చి పంపుతుంది. నమ్మకం కుదరకపోతే ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ Media ఫోల్డరులో WhatsApp Animated Gifs అన్నది తెరవండి. అక్కడున్న ఫైళ్ళ పేర్లు .mp4 తో ముగుస్తాయి. పక్కన సైజు కూడా ఉంటుంది. మీరు పంపినవి అందులోనే ఉన్న Sent ఫోల్డరులో ఉంటాయి.

మరి డేటా ఎక్కడ పోతోంది? వెతికేటప్పుడు. వెతుకు పెట్టెలో good morning అని కొట్టగానే తెర మీద ఏడెనిమిది బొమ్మలు కదులుతూ కనిపిస్తాయి కదా, అవి కదలాలంటే ప్రతి ఒక్కటీ మీ ఫోన్‌కి దిగాలి. వేలితో పైకి జరిపితే ఇంకో ఎనిమిది దిగుతాయి. మళ్ళీ జరిపితే మళ్ళీ ఎనిమిది. చీరల షాపులో మడత విప్పించిన ప్రతి చీరకీ బిల్లు వేసినట్టు ఉంటుంది వ్యవహారం: కొన్నది ఒకటే అయినా చూసినవాటన్నిటికీ డబ్బు కట్టాలి.

ఈ ప్రివ్యూలు పెద్దవాటికి కుదించిన నకళ్ళు. అయినా అంత తేలిక కావు. జిఫ్ అనే ఫార్మాటు 1987 నాటిది. ఒక్కో ఫ్రేములో 256 రంగులకి మించి పట్టవు, కుదించే పద్ధతి కూడా ఆనాటిదే. ఈనాటి వీడియో ఫార్మాట్లు ముందు ఫ్రేములోని చెయ్యి పక్కకి జరిగిందని గుర్తించి, ఆ జరుగుబాటును మాత్రమే రాసుకుంటాయి. జిఫ్‌కి ఆ తెలివి లేదు. మారిన చోటునంతా మళ్ళీ గీసుకుంటుంది. అందుకే ఒక చిన్న దీపం రెపరెపలాడే జిఫ్ తేలిగ్గా ఉంటుంది. సినిమా ముక్క, అందులోనూ కెమెరా కదిలేది, బరువుగా ఉంటుంది. మనవాళ్ళు ఎక్కువ వెతికేది రెండోదే.

బొబ్బిలి ఆవిడ లెక్కనే కట్టి చూద్దాం. నాలుగు గ్రూపులకి రోజూ పొద్దున్న నాలుగు వేరు వేరు బొమ్మలు. ఒక్కోదానికి వేరే మాట కొట్టి, నచ్చేదాకా పది తెరలు కిందికి వెళతారట. ఒక ప్రివ్యూ 150 కేబీ అనుకుందాం. తెరకి 8 చొప్పున పది తెరలంటే 80 బొమ్మలు, 12,000 కేబీ, అంటే సుమారు 12 ఎంబీ. నాలుగు గ్రూపులకి 48 ఎంబీ. నెలకి 1,440 ఎంబీ, దాదాపు ఒకటిన్నర జీబీ. పంపిన నాలుగూ ఒక్కోటి 300 కేబీ అనుకున్నా రోజుకి 1,200 కేబీ, ఎంబీ పైచిలుకు. ఒక పక్క 48, ఇంకో పక్క ఒకటి.

ఇప్పుడు నాకు విసుగు తెప్పించే చోటికి వస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఆవిడ నాకు వాట్సాప్ డేటా స్క్రీన్‌షాట్ పంపి "ఇందులో ఏమీ లేదు చూడండి" అన్నారు. ఉండదు! కీబోర్డులో వెతికినప్పుడు బొమ్మల్ని తెచ్చేది కీబోర్డు యాప్. ఆ ఖర్చు దాని పద్దులోనే పడుతుంది. మీరు వాట్సాప్‌లో ఉన్నా, మెసేజీ పెట్టెలో ఉన్నా సరే, ఆ క్షణంలో నెట్ వాడుతున్నది జీబోర్డు. బొమ్మను ఎంచుకుని పంపినప్పుడు ఆ ఒక్కటే వాట్సాప్ పద్దులోకి వస్తుంది. అలాగే, వాట్సాప్ సొంతంగా కూడా జిఫ్ వెతుకు పెట్టె ఇస్తుంది, మెసేజీ రాసే చోట ఎడమ పక్కన ఉండే బొమ్మ నొక్కితే వచ్చేది. అందులో వెతికితే మొత్తం వాట్సాప్ పద్దులోనే పడుతుంది. రెండు పెట్టెలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. కీబోర్డులో వెతికి వాట్సాప్ పద్దు చూసేవాళ్ళకి ఎప్పటికీ దొంగ దొరకడు.

కీబోర్డు పద్దు చూడాలంటే Settings లో Network & internet కింద డేటా వాడకం పేజీకి వెళ్ళి, యాప్‌ల జాబితాలో Gboard పేరు వెతకండి. ఫోన్ కంపెనీని బట్టి దారి కొంచెం మారుతుంది. Settings పైన ఉన్న పెట్టెలో data usage అని కొడితే ఏ ఫోన్‌లోనైనా దొరుకుతుంది. మీది వేరే కీబోర్డయితే దాని పేరే చూడాలి. ఆవిడ చేత ఆ పేజీ తెరిపించాను. ఆ నెలకి జీబోర్డు పేరు మీద ఒకటింబావు జీబీ ఉంది. మనం కట్టిన లెక్కకి కొంచెం తక్కువ. ఒకసారి చూసిన బొమ్మలు కొంతకాలం ఫోన్‌లోనే నిలవ ఉంటాయి, అదే మాట మళ్ళీ కొడితే పైన వచ్చేవి కొత్తగా దిగనక్కర్లేదు. ఆ మేరకు తగ్గిందన్నమాట.

తగ్గించే దారి? నేను చేసేది ఇది. ఒక్కసారే వెతుకుతాను, ఒక్క గ్రూపుకే పంపుతాను. మిగతా గ్రూపులకి అక్కడి నుంచే ఫార్వర్డ్ చేస్తాను. ఫార్వర్డ్ చేసిన ఫైలుని వాట్సాప్ తన సర్వర్లో కొంతకాలం ఉంచుకుంటుంది కాబట్టి వీలైనంతవరకూ మన ఫోన్ నుంచి మళ్ళీ ఎక్కించదు. అయితే మీరు సొంతంగా పంపిన మెసేజీ నుంచే ఫార్వర్డ్ చేయండి, దాన్ని ఒకేసారి ఐదు చోట్లకి పంపొచ్చు. ఎవరో ఫార్వర్డ్ చేసినదాన్ని పట్టుకుని పంపితే ఒకసారికి ఒక్క గ్రూపుకి మించి వెళ్ళదు. బాగా నచ్చినవాటికి స్టార్ పెట్టుకోండి, పండగకి పండగకి పనికొస్తాయి.

రెండోది, మాట ఎంత సూటిగా ఉంటే జరపడం అంత తగ్గుతుంది. వెతుకులాట నడిచేది బొమ్మకి ఎవరో తగిలించిన మాటల మీద. funny అంటే అంతు ఉండదు. brahmanandam laugh అంటే మొదటి తెరలోనే పని అయిపోతుంది. పైడితల్లి సిరిమానోత్సవం రోజున pydithalli అని కొట్టి, సరైనది కనిపించక ఇరవై తెరలు జరిపేవాళ్ళు విజయనగరంలో చాలామందే ఉంటారు. ఆ మాట ఎవరూ తగిలించకపోతే ఎంత జరిపినా రాదు. రెండు తెరల్లో దొరకలేదంటే మాట మార్చండి, లేదా మానేసి మీరు తీసిన సిరిమాను ఫొటో పంపండి. నాకైతే అదే ఇష్టం.

సీతంపేట, మందస వైపు సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఊళ్ళ వాళ్ళకి ఒక మాట. బొమ్మల స్థానంలో బూడిదరంగు గళ్ళు కనిపిస్తుంటే అది రాలేదని కాదు, వస్తోందని. అప్పుడు ఆత్రంగా కిందికి జరిపితే ఇంకొన్ని క్యూలో చేరతాయి, ఏదీ త్వరగా రాదు. వేలు తీసి ఆగండి.

అభ్యాసం. వైఫై ఆపి మొబైల్ డేటాలో ఉండి చేయండి. జీబోర్డు అంకె రాసుకోండి. ఇంతవరకు మీరు ఎప్పుడూ కొట్టని మాట ఒకటి కొట్టి, మొదటి తెరలోంచే ఒకటి పంపండి, జరపొద్దు. కొన్ని నిమిషాలాగి, పేజీ మూసి మళ్ళీ తెరిచి అంకె చూడండి. ఆ లెక్క వెంటనే మారదు, తొందరపడితే సున్నా తేడా చూసి నన్ను తప్పు పడతారు. తర్వాత ఇంకో కొత్త మాట కొట్టి ఒక నిమిషం పాటు ఆపకుండా జరిపి, ఏదీ పంపకుండా బయటికి వచ్చేయండి. మళ్ళీ ఆగి, అంకె చూడండి. పాత మాటే కొడితే లెక్క తప్పుతుంది, ఎందుకో పైన చెప్పాను. ఇదే మొత్తం వాట్సాప్ సొంత జిఫ్ పెట్టెలో కూడా చేయండి. అప్పుడు చూడాల్సింది వాట్సాప్‌లో Storage and data కింద Network usage. నాలుగు తేడాలూ, మీ ఫోన్ మోడలూ రాసి పంపండి. స్టిక్కర్ల పాఠంలో సైజులు చెప్పేటప్పుడు మీ అంకెలే వాడతాను.