బాలింత పాఠాలు – 4: జ్వరం ఎక్కడి నుంచి వస్తోంది?

పోయిన పాఠంలో బిడ్డకు పాలు పట్టేటప్పుడు ఎలా పట్టుకోవాలో చూశాం. ఈసారి కాన్పయిన రెండు మూడు వారాలకు వచ్చే జ్వరం సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు "బాలింతకి చలి చేసిందిలే" అని తేల్చేసేది ఈ జ్వరాన్నే. నుదురు తాకి చెప్పకండి, థర్మామీటరు పెట్టండి. 100.4 దాటితే అది జ్వరమే. ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి.

ఒక ఇల్లు తీసుకుందాం. పుట్టింట్లో ఉన్న అమ్మాయికి 19వ రోజు సాయంత్రం ఒళ్లు వణికింది, జ్వరం 102. ఎడమ రొమ్ములో చంక వైపు అరచేతి మేర ఎర్రగా ఉంది, తాకితే ప్రాణం పోతున్నట్టుంది. ముందురోజు రాత్రి బిడ్డ ఆరు గంటలు ఏకంగా నిద్రపోయింది. కుడి రొమ్ము మామూలుగానే ఉంది.

అసలు గుర్తు అదే. మూడో, నాలుగో రోజు పాలు పడేటప్పుడు రెండు రొమ్ములూ బిగిసి కాస్త వేడెక్కుతాయి, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. అది మామూలే. ఒకవైపే, ఒకచోటే నొప్పి, దానికి తోడు చలిజ్వరం వస్తే రొమ్ము వాచినట్టు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనబడదు. చేతి వెనకవైపు ఆనించి రెండువైపులా వేడి పోల్చి చూడండి.

అమ్మమ్మ "పాలు చెడ్డాయి, పట్టొద్దు" అంది. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఆ పాలతో బిడ్డకు ఏమీ కాదు. మానేస్తే పాలు నిలిచి వాపు ఇంకా పెరుగుతుంది. ఎప్పటిలాగే పట్టాలి. గట్టిగా పిసికి గడ్డ కరిగించాలని చూడొద్దు, లోపల ఇంకా వాస్తుంది. పాలు పట్టాక చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేయండి. పారాసెటమాల్ వేసుకోవచ్చు.

ఈ అమ్మాయిలా వణుకుతో 102 ఉంటే రేపు చూద్దాం అనుకోకుండా డాక్టరుకి చూపించాలి. పాలిస్తూ వాడదగ్గ యాంటీబయాటిక్ రాస్తారు. ఒకరోజుకే జ్వరం తగ్గినా కోర్సు ఆపకూడదు. రెండు రోజులు వాడినా గడ్డ అలాగే ఉంటే చీము పట్టిందేమో స్కానింగ్‌లో తెలుస్తుంది. చాలాసార్లు సూదితోనే తీసేస్తారు.

రొమ్ములు రెండూ బాగానే ఉండి జ్వరం వస్తే నాకు ఎక్కువ భయం. అప్పుడు పొత్తికడుపు నొక్కి చూడండి, ప్యాడ్ వాసన చూడండి. మూడో వారానికి మైల పలచబడి గోధుమ రంగులోకో, పసుపు తెలుపులోకో మారుతూ ఉండాలి. రెండో వారంలో ఒక గంటో రెండు గంటలో ఎర్రగా కనిపించి ఆగిపోతే కంగారు లేదు, మాయ అంటుకున్న చోట పొక్కు ఊడి ఉంటుంది. కుళ్లు వాసన, పొత్తికడుపు నొప్పి ఉంటే గర్భసంచికి ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తగ్గిన రక్తం మళ్లీ ఎక్కువై, గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసినా, నిమ్మకాయంత గడ్డలు పడినా మాయ ముక్క లోపల మిగిలిందేమోనని అనుమానించాలి. కళ్లు తిరుగుతున్నా, ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా ప్యాడ్లు లెక్కపెడుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. తడిసిన ప్యాడ్లు పారేయకుండా కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి. ఎంత పోయిందో డాక్టరుకి మాటల్లో చెప్పలేం.

వచ్చే పాఠంలో, బిడ్డ తాగనప్పుడు పాలు చేత్తో పిండడం ఎలాగో చూద్దాం.