వానలు రాకముందే పై ఇంటివారికి ఉత్తరం

పై వాటా స్నానాల గది నుంచి మీ పైకప్పు ఉరుస్తుంటే, ఉత్తరం మే నెలలోనే రాయండి. జూన్‌లో వానలు పట్టాక ఆ నీరు బయటి గోడ పగుళ్లలోంచి వచ్చిందో, పైనుంచి దిగిందో తేల్చడం కష్టం. మండుటెండల్లో తడి కనిపిస్తే వానమీదికి నెట్టే వీలుండదు.

ముందుగా ఆ మరక దగ్గరి లైటు, ఫ్యానుకు కరెంటు వెళ్లకుండా ఎంసీబీ దించేయండి. ఉబ్బిన ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడిపడుతుంది కనుక దాని కింద ఎవరినీ నిలబడనివ్వకండి. తర్వాత మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. చుక్కలు ఏ వేళ పడుతున్నాయో వారం రోజులు రాసిపెట్టండి.

మా ఇంట్లో పైవారు ఊరెళ్లిన రెండో రోజుకు చుక్కలు ఆగాయి. వారు తిరిగొచ్చి స్నానాలు చేసిన గంటకు మళ్లీ మొదలయ్యాయి. కుళాయికి వచ్చే పైపులో ఎప్పుడూ నీరుంటుంది కాబట్టి, అది కారుతుంటే మనుషులు లేకున్నా చుక్క ఆగదు. కనుక అనుమానం గచ్చు మీదికీ, నీరు బయటికి పోయే పైపు మీదికీ మళ్లింది. అప్పుడు ఇలా రాశాను:

“నమస్కారం అండీ. మీ స్నానాల గది కింద మా పైకప్పు మే 6 నుంచి ఉరుస్తోంది. మీరు నీళ్లు వాడిన గంటకు చుక్కలు పడుతున్నాయి. ఇది మీ పొరపాటని నేను అనడం లేదు, కట్టినప్పటి లోపం కావచ్చు. వీలైతే ఆదివారం గచ్చు తడవకుండా రెండు బకెట్ల నీళ్లు నేరుగా గచ్చు నీరు బయటికి పోయే నహానీ ట్రాప్‌లో పోసి చూద్దాం. కింద చుక్క పడితే లోపం ట్రాప్‌లోనో, పైపు అతుకులోనో ఉన్నట్టు. పడకపోతే మరో రోజు ట్రాప్ నోరు గుడ్డతో మూసి, గచ్చు మీద అంగుళం నీరు గడప దాటకుండా 24 గంటలు నిలుపుదాం. మీకు అనువైన వేళ చెప్పండి, నేను కింద ఉండి చూస్తాను.”

మొదటి ఉత్తరంలో ఖర్చు మాట ఎత్తకండి. కారణం తేలకుండా డబ్బు అడిగితే తలుపు మూసుకుంటుంది. ఫొటోలు జతచేసి, ఒక ప్రతి దాచుకోండి.

లోపం గచ్చులోనే ఉందని తేలితే టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పూసి సరిపెట్టే మేస్త్రీని నమ్మవద్దని పైవారికి మర్యాదగా చెప్పండి. కింది వాటర్‌ప్రూఫింగ్ పొర చెడితే ఆ పూత కొన్నాళ్లే ఆపుతుంది. టైల్స్ తీసి కొత్త పొర వేస్తే, మళ్లీ టైల్స్ పరచకముందే నీరు నిలిపి చూడమనండి. స్నానాల గది శ్లాబ్‌ను పక్క గదులకన్నా పల్లంగా పోసి ఉంటే అందులో నింపిన ఇటుక ముక్కలు నీరు పట్టి ఉంచుతాయి. మరమ్మతు బాగా జరిగినా కొన్నాళ్లు చెమ్మ దిగుతూనే ఉంటుంది. మరక పెన్సిల్ గీత దాటకుండా పూర్తిగా ఆరేదాకా మీ పైకప్పుకు రంగు వేయించకండి.