ఫోన్ స్టోరేజీ నిండిపోయి స్లో అయిందా? ఇలా చేసి చూడండి

గాజువాకలో మా పిన్ని ఫోన్ 64 జీబీది. మొన్న ఆర్కే బీచ్‌లో మనవడు అలల్లో ఆడుతుంటే ఫొటో తీద్దామని బటన్ నొక్కింది, అది సేవ్ అయ్యేలోపు వాడు నీళ్ళలోంచి వచ్చేశాడు. షాపులో చూపిస్తే మెమరీ పోయింది, కొత్త ఫోన్ కొనుక్కోండి అన్నారట. నేను చూసేసరికి ఖాళీ 900 ఎంబీ ఉంది.

ముందు కారణం చెప్తాను. ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీని పలకల కట్ట అనుకోండి, ఒక్క అక్షరం చెరపాలన్నా పలక మొత్తం తుడవాల్సిందే. అందుకని పలకలో పనికొచ్చే గీతలుంటే వాటిని ముందు ఇంకో పలక మీద ఎక్కించి, తర్వాత దీన్ని తుడుస్తుంది. ఖాళీ పలకలు బోలెడుంటే ఈ పని తీరిగ్గా వెనకాల జరిగిపోతుంది, లేకపోతే మీరు ఫొటో తీస్తున్న ఆ క్షణంలోనే జరగాలి, ఆ ఆలస్యమే మనకి కనబడేది. పైగా ప్రతి పలకనీ ఇన్నిసార్లే తుడవగలం.

చిన్న లెక్క: వెయ్యిసార్లు అనుకుంటే 64 జీబీ చిప్ మీద మొత్తం 64,000 జీబీ రాయొచ్చు. మీరు రోజూ 10 జీబీ రాస్తే, ఈ పలకలు మార్చే పని వల్ల లోపల నిజంగా రాసేది 20 జీబీ అయితే దాదాపు తొమ్మిదేళ్ళు వస్తుంది, 50 అయితే మూడున్నరేళ్ళే.

ఇప్పుడు చేయాల్సింది. Settings లో Storage తెరిచి ఎంత ఖాళీ ఉందో చూడండి. ఐదో వంతో ఆరో వంతో ఖాళీగా ఉంచాలన్నది నా లెక్క, 64 జీబీకి పదకొండు, పన్నెండు జీబీ అన్నమాట. తర్వాత వాట్సాప్‌లో Settings, Storage and data, Manage storage కి వెళ్ళి పెద్ద వీడియోలు తీసేయండి. పిన్ని ఫోన్‌లో గుడ్ మార్నింగ్ వీడియోలే ఏడు జీబీలు! ఒక అడుగు వెనక్కి, Storage and data లోనే ఆటో డౌన్‌లోడ్ కూడా ఆపేయండి, లేకపోతే నెలలో మళ్ళీ మొదటికొస్తుంది. ఫొటోలు డిలీట్ చేశాక ట్రాష్ కూడా ఖాళీ చేయాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

ఆ రాత్రి ఛార్జింగ్ పెట్టి ఫోన్ ముట్టుకోకండి. మనం డిలీట్ చేసిన చోట్లు ఖాళీ అయ్యాయని ఆండ్రాయిడ్ చిప్‌కి చెప్పేది మామూలుగా ఫోన్ పనిలేకుండా ఉన్నప్పుడే, అందుకే డిలీట్ చేసిన ఐదు నిమిషాలకే స్పీడు రాలేదని కంగారు పడొద్దు.

క్లీనర్ యాప్‌తో రోజూ క్యాష్, అంటే యాప్‌లు దాచుకునే తాత్కాలిక ఫైళ్ళు, తుడవడం మాత్రం మానేయండి. తుడిచిందంతా యాప్‌లు మళ్ళీ దించుకుంటాయి, అంటే మళ్ళీ రాతే.

పిన్ని ఫోన్‌లో పదకొండు జీబీ ఖాళీ చేశాం, రెండు రోజులకి కెమెరా నొక్కగానే ఫొటో పడుతోంది. అరిగింది మాత్రం వెనక్కి రాదు. ఇంత ఖాళీ ఉన్నా ఫైళ్ళు తెరుచుకోకపోవడం, సేవ్ చేసినవి మాయమవడం జరుగుతుంటే అది చిప్ చివరి దశ కావచ్చు, ఆ రోజే ఫొటోలు వేరే చోటికి కాపీ చేసేసుకోండి.