పచ్చళ్ళ న్యూస్‌లెటర్: ఫారం పెట్టడం దగ్గర్నుంచి మొదటి మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడేదాకా

మా పిన్ని గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. పోయినేడాది ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి, కౌంటర్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంచి, వచ్చినవాళ్ళ చేత పేరూ ఫోనూ మెయిలూ రాయించుకుంది, 214 మంది అయ్యారు. "ఆవకాయ సీజన్ కదరా, అందరికీ ఒక మెయిల్ కొట్టు" అంటే నేను కూర్చుని ఆ 214 టైప్ చేసి, ఒకేసారి చాలామందికి మెయిల్ పంపిపెట్టే ఒక మెయిల్ సర్వీస్‌లో ఎక్కించి, From దగ్గర పిన్ని జీమెయిల్ అడ్రస్సే పెట్టి, పోస్టర్ ఒకటి అతికించి పంపేశా. 39 వెనక్కొచ్చాయి, ఆ చేతిరాతలో u ఏదో v ఏదో దేవుడికే తెలియాలి. వెళ్ళినవాటిలో మా బాబాయికి వచ్చింది కూడా స్పామ్‌లోనే ఉంది. మర్నాటికి ఆ సర్వీస్ వాళ్ళు అకౌంట్ ఆపేశారు, తప్పు నాదే కాబట్టి ఏమీ అనలేకపోయా. రెండోసారి ఎలా చేశానో చెప్తా.

ముందు సొంత డొమైన్

చాలామంది "ఫ్రీ", "ఆఫర్" లాంటి మాటలుంటే స్పామ్‌లోకి పోతుందనుకుంటారు గానీ నాకు అర్థమైనంతలో మాటలకంటే ముందు స్పామ్ ఫిల్టర్ చూసేది పంపింది ఎవరూ అని. From లో జీమెయిల్ అడ్రస్ ఉంది, కానీ మెయిల్ బయల్దేరింది గూగుల్ సర్వర్ నుంచి కాదు, ఇంకెవరిదో సర్వర్ నుంచి. అంటే పక్కింటివాళ్ళ లెటర్‌హెడ్ మీద మనం ఉత్తరం రాసినట్టే. అందుకని డొమైన్, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే సొంత పేరు, కొనాలి, మామూలు పేరైతే మరీ ఖరీదేం కాదు. ఇక్కడ ఉదాహరణకి pinnipachallu.example అనుకుందాం.

కొన్నాక మెయిల్ సర్వీస్‌లో డొమైన్ వెరిఫై చేసే పేజీ ఉంటుంది, అది ఇచ్చే రికార్డులు తీసుకెళ్ళి డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగ్స్‌లో, అంటే ఆ పేరు వివరాలు అందరికీ కనపడేలా రాసిపెట్టే చోట, పెట్టాలి. మూడు పేర్లు వినపడతాయి. ఎస్‌పీఎఫ్ అంటే మన పేరు మీద ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా పడే సీలు, జాడీ మూతకి వేసే సీలు లాంటిదే, దారిలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. డీమార్క్ ఏమో, ఈ రెండిట్లో ఒక్కటైనా From లో కనిపించే డొమైన్‌తో కలుస్తోందా, కలవకపోతే ఏం చేయాలి అని చెప్పేది. మొదట్లో డీమార్క్ ఇలా పెడితే చాలు, p=none అంటే కలవకపోయినా మెయిల్ ఆపమని అడగట్లేదని, rua అంటే రిపోర్టులు రావాల్సిన అడ్రస్:

```
Type:  TXT
Name:  _dmarc
Value: v=DMARC1; p=none; rua=mailto:report@pinnipachallu.example
```

నేను పడ్డ గొయ్యి ఎస్‌పీఎఫ్ దగ్గర. ఆ డొమైన్ మీద అప్పటికే మెయిల్‌బాక్స్ కోసం ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు ఉంది, నేను చూసుకోకుండా పక్కనే రెండోది పెట్టా. ఒక డొమైన్‌కి `v=spf1` తో మొదలయ్యేది ఒక్కటే ఉండాలి, రెండుంటే ఎర్రర్ కింద తీసుకుని రెండూ చెల్లవు. ఉన్నదాంట్లోనే మెయిల్ సర్వీస్ ఇచ్చిన `include:` ముక్కని కలపాలి.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఇద్దరూ దీన్ని గట్టిగా చూస్తున్నారు. జీమెయిల్ రూల్ ప్రకారం పంపేవాళ్ళెవరికైనా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలి, రోజుకి 5000 దాటితే మూడూ ఉండాలి, ప్రమోషన్ మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో మానేసే అన్‌సబ్‌స్క్రైబ్ కూడా ఉండాలి. మనం 5000కి ఎక్కడా దగ్గర్లో లేకపోయినా అన్నీ పెట్టేస్తేనే తలనొప్పి ఉండదు.

ఫారం

నోట్‌బుక్ బదులు ఈసారి జనమే వివరాలు నింపే ఫారం పెట్టా, సర్వీస్‌లోనే అది తయారుచేసే చోటుంటుంది. పేరు, మెయిల్, ఈ రెండు గళ్ళే పెట్టా, ఫోన్ అడగలేదు, ఎందుకంటే ఫోన్ అడిగితే జనం అక్కడే ఆగిపోతారు. ఫారం పైన ఏం రాస్తామో అది ముఖ్యం. "మా న్యూస్‌లెటర్‌లో చేరండి" అంటే ఎవరికీ ఏమీ తెలీదు. "నెలకి రెండు మెయిల్స్. ఏ వారం ఏ పచ్చడి పెడుతున్నామో, కిలో ఎంతో" అని రాశాం, ఇక ఆ మాట మీదే నిలబడాలి, అయిదు పంపితే నొక్కేది స్పామ్ బటనే.

తర్వాత డబుల్ ఆప్ట్-ఇన్ ఆన్ చేయండి, ఇది మాత్రం వదలొద్దు. అంటే ఫారం నింపగానే ఒక కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్తుంది, అందులో లింక్ నొక్కితేనే లిస్ట్‌లో చేరినట్టు. దీనివల్ల gmial అని తప్పు కొట్టినవాళ్ళూ, బాట్లు ఎక్కించిన ఎవరివో అడ్రస్సులూ అక్కడే ఆగిపోతాయి. మాకు 58 మంది నింపితే 47 మంది నొక్కారు. పిన్ని "పదకొండు మంది పోయారేంట్రా" అని గొణిగింది గానీ లెక్క చూడండి: జీమెయిల్ స్పామ్ కంప్లైంట్లు 0.1 శాతం లోపు ఉంచుకోమంటుంది, 0.3 కి అసలు చేరనివ్వొద్దంటుంది. 214 మందిలో ఒక్కరు స్పామ్ నొక్కినా అరశాతానికి దగ్గర. పెద్ద కంపెనీకి ఒక్కరు లెక్కే కాదు, మనలాంటి వాళ్ళకి ఒక్కరే చాలు. పైగా ఆ శాతం చూపించే గూగుల్ Postmaster Tools లో ఇంత చిన్న లిస్ట్‌కి డేటా దాదాపు కనపడదు, కాబట్టి తర్వాత చూసి దిద్దుకుందాం అనుకోవడానికి లేదు.

మొదటి మెయిల్

ఈసారి పోస్టర్ లేదు. మొత్తం ఒకే బొమ్మగా పంపితే ఫిల్టర్‌కి చదవడానికి ఏమీ ఉండదు, బొమ్మలు లోడ్ కాని ఫోన్లో మనిషికీ ఖాళీయే కనపడుతుంది. సబ్జెక్ట్ "ఈ శుక్రవారం మాగాయ పెడుతున్నాం", లోపల ఆరేడు లైన్లు, ఎండలో ముక్కలు ఆరుతున్న ఫోటో ఒకటి, ఆర్డర్ లింక్ ఒకటి. లింక్ షార్ట్ చేయకుండా మన డొమైన్‌దే పెట్టాం, ఎందుకంటే ఆ షార్ట్ లింకులు మోసగాళ్ళు కూడా తెగ వాడతారు, వాళ్ళ చెడ్డపేరు మనకీ అంటుకుంటుంది. అడుగున "మీరు మా సైట్‌లో ఫారం నింపారు కాబట్టి ఈ మెయిల్ వచ్చింది" అని ఒక లైను, మా అడ్రస్, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ బాగా కనపడేలా. అది దాచేస్తే మానేయాలనుకున్నవాళ్ళకి మిగిలేది స్పామ్ బటనే కదా.

అందరికీ పంపేముందు టెస్ట్ మెయిల్ మీ జీమెయిల్‌కి పంపుకుని, కంప్యూటర్‌లో తెరిచి, మూడు చుక్కలు నొక్కి Show original చూడండి. పైన ఇలా రావాలి:

```
SPF:   PASS
DKIM:  'PASS' with domain pinnipachallu.example
DMARC: 'PASS'
```

డీకిమ్ పక్కన డొమైన్ పేరు చదవండి, PASS అని చూసి వదిలేయొద్దు. అక్కడ సర్వీస్ వాళ్ళ పేరు మాత్రమే ఉంటే సీలు వాళ్ళదే గానీ మనది కాదు, డీఎన్‌ఎస్‌లో డీకిమ్ రికార్డు సరిగ్గా పడలేదన్నమాట. మార్చిన రికార్డు అంతటా కనపడటానికి ఒక్కోసారి కొన్ని గంటలు పడుతుంది, పది నిమిషాలకే కంగారుపడి మళ్ళీ మార్చేస్తే ఇంకా గందరగోళం. Promotions ట్యాబ్‌లో పడిందంటే అది స్పామ్ కాదు, అమ్మకపు మెయిల్‌కి అది మామూలే.

47 మందే కాబట్టి ఒకేసారి పంపేశా. వందలూ వేలూ ఉంటే కొత్త డొమైన్ నుంచి ఒక్కరోజే కొట్టకుండా, ఈమధ్యే చేరినవాళ్ళతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. వెనక్కొచ్చింది ఒక్కటీ లేదు, ఒకరు అన్‌సబ్‌స్క్రైబ్ చేశారు, అయిదుగురు రిప్లై ఇచ్చారు. అన్నట్టు From అడ్రస్ noreply అని పెట్టకండి, "ఉప్పు తగ్గించి పెడతారా" అని ఒకావిడ అడిగింది ఆ రిప్లైలోనే.

ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది. అందులోవాళ్ళని లిస్ట్‌లోకి ఎక్కించలేదు, పిన్నికి బాగా గుర్తున్నవాళ్ళకి మాత్రం తనే ఫోన్ చేసి "ఫారం లింక్ పంపనా" అని అడిగి వాట్సాప్‌లో పంపుతోంది, ఇప్పటికి 22 మంది నింపారు. జాడీ లేబుల్ మీద ఫారం క్యూఆర్ కూడా వేయించాం, మొదటిసారి మరీ చిన్నగా వేసి నూనె మరకకి స్కాన్ కాలేదు, ఇప్పుడు మూత మీద అంటిస్తున్నాం.