కంట్రోల్ సిస్టమ్స్ 4వ పాఠం: K ని ఎంతవరకు పెంచవచ్చు?

పోయిన పాఠంలో ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ హారాన్ని సున్నా చేసే s విలువలే పోల్స్ అని, అవన్నీ s తలంలో ఎడమ సగంలో ఉంటేనే సిస్టమ్ స్టేబుల్ అని చూశాం. ఈసారి గేట్ పరీక్షలో తరచూ కనిపించే తరహా లెక్క ఒకటి పూర్తిగా చేద్దాం.

యూనిటీ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్న సిస్టమ్‌లో G(s) = K / [s(s+2)(s+4)]. ఏ K విలువలకు సిస్టమ్ స్టేబుల్?

చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. G(s) పోల్స్ 0, -2, -4. కుడివైపు ఒక్కటీ లేదు కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. కానీ అవి ఓపెన్ లూప్ పోల్స్. ఫీడ్‌బ్యాక్ కలిపాక పోల్స్ స్థానం మారిపోతుంది. ఇప్పుడు మనకు కావాల్సింది 1 + G(s) = 0 మూలాలు. హారంతో గుణిస్తే:

s³ + 6s² + 8s + K = 0

K ధనాత్మకమైతే గుణకాలన్నీ ధనాత్మకమే. అయినా మూడో డిగ్రీలో అది చాలదు, రౌత్ టేబుల్ వెయ్యాల్సిందే.

```
s³ |  1         8
s² |  6         K
s¹ | (48-K)/6   0
s⁰ |  K
```

s¹ వరుసలో లవం 6×8 - 1×K, దాన్ని పైవరుస మొదటి అంకె 6తో భాగించాం. మొదటి నిలువు వరుసలో గుర్తు ఎక్కడా మారకూడదు. అంటే 0 < K < 48.

K = 60 పెట్టి చూడండి. నిలువు వరుస 1, 6, -2, 60. ప్లస్ నుంచి మైనస్‌కు, మళ్లీ ప్లస్‌కు, గుర్తు రెండుసార్లు మారింది. కాబట్టి రెండు పోల్స్ కుడివైపున ఉన్నాయి. మైనస్ ఒక్కటే కనిపించిందని ఒకటే పోల్ అని రాస్తే మార్కు పోతుంది.

K సరిగ్గా 48 అయితే s¹ వరుస మొత్తం సున్నా. అప్పుడు పైవరుసతో ఆక్సిలరీ ఈక్వేషన్ రాయాలి: 6s² + 48 = 0. దీన్నుంచి s = ±j2.83. అవుట్‌పుట్ తగ్గకుండా, పెరగకుండా 2.83 రేడియన్/సెకను దగ్గర ఊగుతూనే ఉంటుంది. ప్రశ్నలో హెర్ట్జ్ అడిగితే 2π తో భాగించండి, సుమారు 0.45 వస్తుంది. యూనిట్ చూడకుండా 2.83 రాసేసేవాళ్లు తక్కువేం కాదు! మూడో పోల్ -6. (s+6)(s²+8) గుణించి సరిచూసుకోండి.

ఒక లెక్క మీకు. ఇదే సిస్టమ్‌లో పోల్స్ అన్నీ -0.5 కు ఎడమవైపే ఉండాలంటే K ఎంత ఉండాలి? s స్థానంలో z - 0.5 పెట్టి, z లో రౌత్ టేబుల్ వెయ్యండి. 2.625 < K < 15 రావాలి. రాకపోతే ముందుగా z గుణకం 2.75 వచ్చిందో లేదో చూసుకోండి, పొరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతుంది. వచ్చే పాఠంలో K పెరుగుతుంటే పోల్స్ ఏ దారిన కదులుతాయో రూట్ లోకస్‌తో గీద్దాం.