తప్పు ఫైల్ పంపామని క్షమాపణ మెయిల్ రాసే ముందు

క్లయింట్‌కి పాత వెర్షన్ వెళ్లిపోయిందని తెలియగానే గుండె గుభేలుమంటుంది, చేయి నేరుగా రిప్లై మీదకి పోతుంది. అక్కడే ఒక్క నిమిషం ఆగండి. మొదటి పొరపాటును చాలామంది మన్నిస్తారు. "సారీ, ఇదిగో సరైన ఫైల్" అని పంపినదీ తప్పైతే, ఆ తర్వాత మనం ఏ ఫైల్ పంపినా అనుమానంగానే చూస్తారు.

నాకు సరిగ్గా అదే జరిగింది. మూడు మడతల బ్రోచర్. చివరి విడతలో రెండే మార్పులు: వెనక పేజీలో ఫోన్ నంబర్ చివరి అంకె, లోపలి పేజీలో ఒక ధర. నేను పంపింది `Brochure_final.pdf`. అది పాతదని గమనించి, కంగారులో `Brochure_final2.pdf` జోడించి క్షమాపణ పంపేశాను. అందులో ధర మారింది కానీ ఫోన్ నంబర్ మారలేదు. నంబర్ దిద్దింది డిజైన్ ఫైల్లో. దిద్దాక పీడీఎఫ్ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయలేదు.

ఈ రకం తప్పు ఫైల్ పేరు చూస్తే దొరకదు. డిజైన్ ఫైల్ సేవ్ అయిన సమయం, పీడీఎఫ్ తయారైన సమయం పక్కపక్కన చూడండి. పీడీఎఫ్ ముందుదైతే అది పాతదేమోనని అనుమానించాల్సిందే. కాపీ చేసినప్పుడు, డౌన్‌లోడ్ చేసినప్పుడు ఈ సమయాలు మారిపోవచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు. నేనిప్పుడు చేసేది ఇంకోటి. పంపిన పీడీఎఫ్‌నీ కొత్తదాన్నీ ఒకే జూమ్‌లో తెరిచి, ఒకే పేజీ మీద ఉంచి, ఒకదాన్నుంచి ఇంకోదానికి గబగబా మారుస్తాను. మారని చోటు కదలకుండా ఉంటుంది, మారిన అంకె మాత్రం కళ్లముందు ఎగిరినట్టు తెలుస్తుంది. ఆ తేడాలన్నీ రాసుకుంటే మెయిల్లో సగం పని అయిపోయినట్టే.

దీనికంటే ముందు ఒక ఫోన్ చేయాలి. ఫైల్ ప్రింటింగ్‌కి వెళ్లేదైతే మెయిల్ ఎప్పుడు చూస్తారో అని ఎదురుచూసే టైమ్ ఉండదు. "అండీ, నేను పంపిన ఫైల్ పాతది, ప్రెస్‌కి ఇచ్చారా?" అని అడగండి. ఇంకా ఇవ్వకపోతే ఫైల్ మారిస్తే సరిపోతుంది. ప్లేట్లు తయారై ఉంటే మళ్లీ చేయించే ఖర్చు, అచ్చు మొదలై ఉంటే కాగితం ఖర్చు కూడా పడుతుంది. ఏ దశలో ఉందో తెలియకుండా "నష్టమంతా నేనే భరిస్తాను" అని మెయిల్లో రాయకండి. అలాగని డబ్బు మాట దాటేయడం కూడా మర్యాద కాదు. ఎప్పటిలోగా చెబుతారో రాయండి.

మెయిల్ వెనక్కి తీసుకునే సదుపాయం మీద ఆశ పెట్టుకోకండి. జీమెయిల్లో అది ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే. షేర్ చేసిన లింక్ అయితే అక్కడ పాత ఫైల్ తీసేయండి, కానీ అప్పటికే డౌన్‌లోడ్ అయిన కాపీ వాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే పాత ఫైల్‌ని ఏం చేయాలో మెయిల్లో విడిగా చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను:

"విషయం: పాత బ్రోచర్ ఫైల్ వాడకండి, సరైనది జతచేశాను

నమస్కారం అండీ. ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, ఈ రోజు ఉదయం నేను పంపిన `Brochure_final.pdf` పాత వెర్షన్. దయచేసి దాన్ని తొలగించండి, ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకీ చెప్పండి. సరైన ఫైల్ `Brochure_v4_print.pdf`. తేడాలు రెండే: వెనక పేజీలో ఫోన్ నంబర్ చివరి అంకె, లోపలి పేజీలో ధర. పంపే ముందు నేను సరిచూసుకోకపోవడం వల్ల జరిగింది, క్షమించండి. ప్రెస్‌లో పని మొదలైతే దాని ఖర్చు గురించి సాయంత్రం లోపు మాట్లాడతాను."

కరెంట్ పోయింది, ఇంట్లో ఒంట్లో బాగోలేదు లాంటి కారణాలు ఇందులో పెట్టకండి, అవి నిజమే అయినా సరే. ప్రెస్ ముందు నిలబడి మెయిల్ చదివే మనిషికి ఏ ఫైల్ ఆపాలి, ఏది వాడాలి అన్నది మెయిల్ మొదట్లోనే దొరకాలి.

పంపే ముందు ఆ మెయిల్‌ని అటాచ్‌మెంట్‌తో సహా మీకే పంపుకోండి. దాన్ని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, రాసుకున్న తేడాలు ఒక్కొక్కటీ అందులో చూడండి. బ్లీడ్, అంటే కత్తిరించే గీత దాటి అదనంగా ఉంచే డిజైన్ అంచు, దాన్నీ ఫాంట్లనీ కూడా అప్పుడే కంప్యూటర్లో చూసేసుకోండి. తొందరలో చేసిన ఎక్స్‌పోర్ట్‌లో ముందుగా పోయేది బ్లీడే.

మెయిల్ వెళ్లాక "అందింది" అన్న జవాబుతో ఊరుకోకండి. అంతకుముందు పాత ఫైల్‌కీ వాళ్లు అలాగే "అందింది" అన్నారు. మళ్లీ ఫోన్ చేసి, వాళ్లు తెరిచిన ఫైల్లో వెనక పేజీ నంబర్ చివరి అంకె ఎంతో చదివి చెప్పమనండి.